‘అయిందా?’ తర్వాత ఖాళీ

నిప్పును మొదట రాజేసిన మనిషి పేరు చరిత్రలో లేదు. చక్రాన్ని మొదట దొర్లించినవాడి ఇంటిపేరూ ఎవరూ రాసిపెట్టలేదు. కాబట్టి కూర్మన్నపాలెం జంక్షన్‌లో, మిఠాయి దుకాణం పై అంతస్తులో ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో గౌరీశ్వరి మేడమ్ మొట్టమొదటిసారి “అయిందా?” అని ఏ రోజున అన్నదో ఆధారాలు దొరకకపోవడం వింతేమీ కాదు. ఈ విషయంలో రెండు వాదాలున్నాయి. విండోస్ వచ్చాకే ఆ మాట పుట్టిందని పాత విద్యార్థులంటారు. కాదు, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మెరిసే రోజుల్లోనే ఉందని ఇన్‌స్టిట్యూట్ యజమాని శ్రీరామ్మూర్తి గారి వాదన. అప్పటికి ఆయన తలమీద జుట్టుండేది కాబట్టి తనకు బాగా గుర్తట.

పుట్టుక ఎలా ఉన్నా, ఆ మాట రాజ్యం చేసిన తీరు మీద మాత్రం భేదాభిప్రాయం లేదు. “సెల్ డీ టూలో క్లిక్ చెయ్యండి. అయిందా?” అని అడిగి ఆగేది గౌరీశ్వరి. ముందు వరసలోంచి “అయింది మేడమ్” అని వినిపించేది. ఆమె కదిలేది కాదు. మధ్య వరస పలికేది. అప్పటికీ కదిలేది కాదు. వెనక గోడ పక్క కుర్చీలో, ఎలుకను ఎటు తోస్తే బాణం ఎటు పోతుందో ఇంకా తేల్చుకోలేని మనిషి ఒకరుంటారు ప్రతి బ్యాచ్‌లోనూ. ఆ మనిషి గొంతు సవరించుకుని “అయింద్మేడమ్” అన్నాకే గౌరీశ్వరి తరువాతి మెట్టు ఎక్కేది. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగుల పిల్లలూ, వాళ్ళ బావమరుదులూ, పెళ్ళి సంబంధానికి ‘కంప్యూటర్ కోర్స్’ అన్న రెండు ముక్కలు కావలసిన ఆడపిల్లలూ, అందరూ ఆ మాట మీదే గట్టెక్కారు.

ఆ మాట ఇంట్లో కూడా ఉండేది. కుక్కర్ మూడో కూత వేశాక “అయిందా?” అని అడిగేది. కుక్కర్ జవాబు చెప్పేది కాదు. ఇంట్లో వేరే జవాబు చెప్పేవాళ్ళు లేరు. భర్త అర్జునరావు సరుకు ఓడ మీద ఆయిలర్. ఇంజన్ గదిలో నూనె పోస్తూ, ఏ సముద్రం మీదున్నాడో తనకే సరిగ్గా తెలియకుండా ఏడాదిలో ఎక్కువ భాగం గడిపే ఉద్యోగం. విశాఖపట్నం రేవులో రోజూ ఓడలు వచ్చేవి. ఆయన ఓడ మాత్రం ఇంకెక్కడి రేవుకో వెళ్ళేది. పెళ్ళైన కొత్తలో రేవు పక్క యారాడ కొండ కేసి వచ్చే ప్రతి ఓడ పొగగొట్టాన్నీ గౌరీశ్వరి అనుమానించేది. తరవాత మానేసింది.

రెండువేల ఐదో సంవత్సరం వేసవికి ఇన్‌స్టిట్యూట్‌లో వెనక గోడ పక్క కుర్చీ ఖాళీ అయింది. దాని వెంటే మధ్య వరస కూడా. ఇళ్ళలోకే కంప్యూటర్లు వచ్చేశాయి. గౌరీశ్వరి “అయిందా?” అంటే ముందు వరసలోంచి ఒకటి రెండు గొంతులు మాత్రం పలికేవి. ఆగడానికి కారణం లేకుండా పోయింది. అయినా అలవాటు కొద్దీ ఆగేది.

అప్పుడు శ్రీరామ్మూర్తి గారు సీడీ సంగతి తెచ్చారు.

“అమ్మా గౌరీ, ఆటోనగర్ వ్యాపారుల సంఘం కార్యదర్శి చలమయ్య ఉన్నాడే, నిన్న కలిశాడు. లారీ స్పేర్‌పార్ట్స్ షాపులన్నిట్లో కంప్యూటర్లు కొన్నారట. వాటి మీద వినాయకుడి బొమ్మ పెట్టుకుని దండ వేస్తన్నారు తప్ప ఎవడికీ ఏమీ రాదట. స్టోర్ చూసుకునేవాడు షాపు వదిలి మన క్లాసుకి రాలేడు కదా. క్లాసే వాడి దగ్గరికి వెళ్తే?”

“నన్ను షాపు షాపుకీ తిరగమంటారా సార్?”

“నిన్ను కాదు. నీ సీడీని. స్క్రీన్ మీద నువ్వు చేసేదంతా పట్టే సాఫ్ట్‌వేర్ ఉందట. నువ్వు చేస్తా ఉంటావు, మాట్లాడతా ఉంటావు. అదంతా వీడియో అయిపోద్ది. స్టోర్ లెక్కకి కావలసిన ఫార్ములాలు చాలు. చలమయ్య ఒకటే అన్నాడు: మా వీరన్నకి వస్తే ఆటోనగర్ మొత్తానికి వచ్చినట్టే, వాడికి సీడీ పెట్టి చేయిస్తాను, చేశాడా సంఘం తీసుకుంటాది. చెయ్యలేదా...” శ్రీరామ్మూర్తి గారు కింద మిఠాయి దుకాణం వైపు చూశారు. “ఈ అంతస్తు కోసం సెల్‌ఫోన్ల వాడు రోజూ వచ్చి గోడలు కొలుచుకుంటున్నాడు.”

అలా విశాఖ జిల్లా కంప్యూటర్ విద్య భవిష్యత్తు వీరన్న అనే స్టోర్ కీపర్ చేతివేళ్ళ మీద ఆధారపడింది. ఆ సంగతి వీరన్నకు తెలియదు.

రికార్డింగ్‌కు ఆదివారం మధ్యాహ్నం నిర్ణయించారు. అప్పుడు క్లాసులుండవు. సీలింగ్ ఫ్యాన్ మైకులో తుఫానులా వినిపిస్తుంది కాబట్టి దాన్ని ఆపారు. జంక్షన్ లారీల హారన్లు లోపలికి రాకుండా కిటికీలు మూశారు. మే నెల. గౌరీశ్వరి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ముసుగులేసిన మానిటర్ల మధ్య, వరసలు వరసలుగా ఉన్న ఖాళీ కుర్చీలకు పాఠం మొదలుపెట్టింది.

“నమస్కారం. ఎక్సెల్ తెరవండి. అయిందా?”

ఆగింది. కుర్చీలు ఏమీ అనలేదు.

శ్రీరామ్మూర్తి గారు సోమవారం అది విని, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. “ఎవర్ని అడుగుతున్నావమ్మా? ‘అయిందా’ అంటావు. ఆగుతావు. మళ్ళీ ‘అయిందా’ అంటావు. వింటుంటే ఎవరో పోయిన ఇంట్లో కూచున్నట్టుంది. తీసెయ్యి. గలగలా చెప్పుకుపోవాల.”

తీసేసింది. మాటతో పాటు దాని తరవాత ఉండే ఆగడం కూడా పోయింది. ప్రశ్నే లేనప్పుడు జవాబు కోసం ఎవరాగుతారు? రెండో రికార్డింగ్‌లో గౌరీశ్వరి రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పుకుపోయింది. నోటికీ చేతికీ పందెం. మధ్యలో నిశ్శబ్దం వస్తుందేమోనని ఆమెకు భయం కూడా. ఆ గదిలో నిశ్శబ్దం వస్తే వెళ్ళేది కాదు.

వీరన్నను ఇన్‌స్టిట్యూట్‌కే పిలిపించి కూర్చోబెట్టారు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో టెస్టర్, చెవి మీద పెన్ను. హెడ్‌ఫోన్ పెట్టబోతే పెన్ను అడ్డొచ్చింది. దాన్ని రెండో చెవికి మార్చబోయాడు. అక్కడా అదే ఇబ్బంది ఎదురయ్యాక నోట్లో పెట్టుకున్నాడు. ఒకటే తెర. అందులోనే పాఠం, అందులోనే ఆయన చెయ్యవలసిన షీటు. గౌరీశ్వరి వెనక నిలబడి చూసింది.

తెర మీద ఆమె చెయ్యి డీ టూలో ఒకటే ఊపున ఫార్ములా కొట్టి ఎంటర్ నొక్కింది. నొక్కాక ఆమె గొంతు దాన్ని వివరించడం మొదలుపెట్టింది. కానీ ఎంటర్ నొక్కిన మరుక్షణం ఫార్ములా మాయమై, ఆ గడిలో జవాబు మాత్రం మిగులుతుంది. ఎంపిక కింది గడికి దిగిపోతుంది. దేని గురించి ఆమె మాట్లాడుతోందో అది తెర మీద లేదు. వీరన్న పాజ్ నొక్కాడు. వెనక్కి తిప్పాడు. ఎక్కువ తిప్పాడు. నమస్కారం దగ్గరికి వచ్చింది. మళ్ళీ ముందుకు తోశాడు. ఫార్ములా కనబడిన చోట పాజ్ చేసి, వీడియో కిందికి దించి, తన షీటు పైకి తెచ్చి, గడిలో సమానం గుర్తు పెట్టాక మిగతాది మరిచిపోయి మళ్ళీ వీడియో తెచ్చాడు.

“ఏటండీ ఇది మేడమ్‌గారు,” అన్నాడు పెన్ను నోట్లోంచి తీసి. “నాను ఇటు సూసేసరికి అదటు ఎల్లిపోతంది. అటు సూసేసరికి మీరు ఇంకో ఊర్లో ఉన్నారు. బస్సు ఆపకుండానే టిక్కెట్టు కొట్టేత్తన్నారు.”

“పాజ్ చేసుకోవచ్చు కదండీ వీరన్నగారూ.”

“అదే సేత్తన్నాను. పొద్దున్నించీ పాజే నేర్సుకున్నాను. ఎక్సెల్ ఇంకా రాలేదు.”

శ్రీరామ్మూర్తి గారు దగ్గారు. చలమయ్యను ఇంకో వారం గడువు అడగవలసి వచ్చింది. అడిగారు. గోడలు కొలిచేవాడు ఆ వారం టేపు కూడా తెచ్చుకున్నాడు.

అర్జునరావు ఫోన్ చేసింది ఆ మధ్యలోనే. ఓడలో శాటిలైట్ ఫోను. అందులో ఒక వింత ఉంది. ఇక్కడన్న మాట ఆకాశానికి వెళ్ళి, అక్కడి నుంచి ఓడకు దిగి, ఓడలోని మాట అదే దారిన తిరిగి రావాలి. ఈలోగా ఇద్దరి మధ్యా ఒక ఖాళీ. కొత్తలో ఇద్దరూ ఆ ఖాళీకి కంగారుపడి ఒకేసారి మాట్లాడేవారు. ఒకేసారి ఆగేవారు. మళ్ళీ ఒకేసారి “నువ్వు చెప్పు” అనేవారు. ఫోన్ కార్డు అక్కడితో అయిపోయేది. దాంపత్య జీవితంలో చాలా భాగం వాళ్ళకు అలాగే గడిచింది.

“ఏటి సేత్తన్నావే? తిన్నావేటి?”

“తిన్నాను బావా. నువ్వు?”

ఖాళీ. సముద్రం మీద గాలి లాంటి చప్పుడు.

“తిన్నాను. ఇక్కడ సేపలకేటి లోటు. వండేవోడికే సేతకాదు. ఏటి, గొంతలా ఉంది?”

ఆమె సీడీ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది. వీరన్న, పాజ్, ఎంటర్, శ్రీరామ్మూర్తి గారి మొహం, అన్నీ ఊపిరి తీసుకోకుండా. చివరికి ఆయన గొంతు ఆమె మాటల మీద అడ్డంగా పడింది.

“ఆగవే. నాను ‘ఊఁ’ అన్నది నీకు సేరేలోపల నువ్వు ఇంకో నాలుగు సెప్పేత్తన్నావు. నా ‘ఊఁ’ దేనికో నాకే తెల్దు. ఒకటి సెప్పు. ఆగు. నాను ఉన్నాను కదా ఇక్కడ.”

ఆమె ఆగింది. గాలి చప్పుడు. తరవాత, చాలా దూరం నుంచి, “ఊఁ” వచ్చింది.

కార్డు అయిపోయింది. గౌరీశ్వరి రిసీవర్ పెట్టేసి, చాలాసేపు దాని పక్కనే కూర్చుంది. ఖాళీలో ఎవరూ లేరని ఇన్నాళ్ళూ ఆమె అనుకుంటోంది. ఉన్నారు. జవాబు దారిలో ఉంటుంది, అంతే.

మర్నాడు తెల్ల కాగితాలు తీసుకుని నిలువు గీతలు గీసింది. సాధారణంగా ఇలాంటి స్క్రిప్టుకు రెండు వరసలు చాలంటారు: నోరు ఏమంటుందో ఒకటి, చెయ్యి ఏం చేస్తుందో ఒకటి. గౌరీశ్వరి మూడోది గీసింది. చూసేవాడు ఆ సమయంలో ఏం చేస్తూ ఉంటాడు. మొదటి రెండు వరసలూ నింపడం ఎంత తేలికో, మూడోది నింపాక మొదటి రెంటిలో ఎంత కొట్టెయ్యాలో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆ కొట్టివేతల నుంచి ఒక రాజ్యాంగం పుట్టింది. మొదటి అధికరణం: కన్ను ఎక్కడికి వెళ్ళాలో నోరు ముందు చెప్పాలి. ‘ఇక్కడ క్లిక్ చెయ్యండి’ అనకూడదు, ఎక్కడో చెప్పాలి. ‘నాలుగో నిలువు వరస, డీ. పై నుంచి రెండో గడి’ అనాలి. బాణం అక్కడికి నెమ్మదిగా వెళ్ళి, గడి చుట్టూ ఒకసారి తిరిగి, అప్పుడు నొక్కాలి. రెండోది: ఒక వాక్యానికి ఒకటే పని. మూడోది: ఫార్ములా కొట్టేటప్పుడు అదేమిటో మాత్రమే చెప్పాలి. ఎందుకో కొట్టాక చెప్పాలి. ఎందుకో చెప్పడం పూర్తయ్యేదాకా ఎంటర్ ముట్టుకోకూడదు. ఫార్ములా కళ్ళ ముందు నిలిచి ఉండాలి. ఈ మూడో అధికరణాన్ని ఎర్ర సిరాతో రాసింది.

తెర సంగతి కూడా తేల్చింది. మొత్తం స్క్రీన్ పట్టకుండా, ఏ నుంచి ఎఫ్ దాకా వరసలు, కొన్ని అడ్డ వరసలు మాత్రమే కనబడేలా చిన్న భాగం పట్టింది. అక్షరాలు పెద్దవి చేసింది. అప్పుడు చూసేవాడు పై సగంలో పాఠం, కింద సగంలో తన షీటు పెట్టుకోవచ్చు. తెర మీద కిటికీలు మార్చుకుంటూ చచ్చే పని లేదు. సీడీ మొదటి పాఠమే అలా సగం సగం పెట్టుకోవడం ఎలాగో.

ఇక మిగిలింది ఖాళీలు. చూసేవాడి వంతు వచ్చినప్పుడు ఎంతసేపు ఆగాలి? తన వేగంతో కొలిస్తే తప్పు. పదేళ్ళుగా ఆ పనే చేస్తున్న చెయ్యి అది. వీరన్నను మళ్ళీ పిలవడానికి మొహం చెల్లలేదు. గౌరీశ్వరి ఆలోచించి, ఎదుటి వరసలోని కంప్యూటర్ ముసుగు తీసి, ఎలుకను ఎడం పక్కకు మార్చింది. ఆమె ఎడం చేతికి కంప్యూటర్ విద్య బొత్తిగా లేదు. సరిగ్గా వీరన్నంతే.

ఆదివారం మధ్యాహ్నం, ఫ్యాన్ ఆపిన గదిలో ఆ ప్రయోగం జరిగింది. మేడమ్ తన కుర్చీలో కూర్చుని, బీ వరసలో ఎన్ని ఉన్నాయో, సీ వరసలో రేటు ఎంతో పెట్టి, డీ టూలో సమానం, బీ టూ, గుణకారానికి నక్షత్రం, సీ టూ అని చెప్పి, ఎందుకో చెప్పి, ఎంటర్ నొక్కి, బాణాన్ని కింద మూలనున్న ఖాళీ గడికి తీసుకెళ్ళి వదిలేసేది. అది చూసేవాడి వంతుకు గుర్తు. రికార్డింగ్ నడుస్తుండగానే “అయిందా?” అని అడిగేది. అడిగి, లేచి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఎదుటి కుర్చీలోకి వెళ్ళి, ఎడం చేత్తో ఆ పని మొత్తం చేసేది. బాణం తప్పిపోయేది. వేరే గడిలో పడేది. చేసి, బయటికి వినబడేలా “అయింది మేడమ్” అని, తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చునేది.

పన్ను పాఠం దగ్గర ఒక తప్పును కావాలనే పెట్టింది. పన్ను శాతం ఎఫ్ వన్‌లో ఒక్కచోటే ఉంది. ఈ టూలో డీ టూ ఇంటూ ఎఫ్ వన్ అని కొట్టి కిందికి లాగితే, కింది వరసల్లో ఎఫ్ వన్ కాస్తా ఎఫ్ టూ, ఎఫ్ త్రీ అయిపోతుంది. అక్కడేమీ లేదు కాబట్టి అన్నీ సున్నాలు. ఆ సున్నాల దగ్గర ఆమె ఏమీ మాట్లాడకుండా ఆగింది. చూసేవాడికీ అవే సున్నాలు వచ్చి, ‘ఇదేటి’ అనుకునేంతసేపు. తరవాత ఈ టూలోకి తిరిగి వెళ్ళి, ఫార్ములాలోని ఎఫ్ వన్ మీద కర్సర్ పెట్టి కీబోర్డు మీది ఎఫ్ ఫోర్ మీట నొక్కింది. రెండు డాలర్ గుర్తులు వచ్చి ఆ గడిని మేకు కొట్టినట్టు కదలకుండా పట్టుకున్నాయి. మళ్ళీ లాగితే సున్నాలు పోయి అంకెలు వచ్చాయి. లేచి, ఎదుటి కుర్చీకి వెళ్ళి, ఎడం చేత్తో చేసి, “అయింది మేడమ్” అంది. ఈసారి గొంతులో నిజంగానే కాస్త సంతోషం ఉంది.

తరవాత ఎడిటింగ్‌లో “అయిందా?”లు కోసేసింది. “అయింది మేడమ్”లు కోసేసింది. కుర్చీ జరిగిన చప్పుళ్ళు, చీర చప్పుళ్ళు కోసేసింది. వాటి మధ్య కాలాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ ఖాళీల్లో చప్పుడు లేకుండా పోయింది గానీ పొడవు అలాగే ఉంది. ఒక ఆడమనిషి గది దాటి వెళ్ళి, నేర్చుకుని, తిరిగి వచ్చేంత పొడవు. ఆ నడకా కలవడం వల్ల వీరన్నకు కాస్త ఎక్కువే టైము దొరుకుతుందని లెక్క వేసుకుంది. చెప్పే మాటల మీద కూడా ఎంతో శ్రమపడింది. ఆదేశంలా కాకుండా పక్కన కూర్చున్నట్టు ఉండాలని గొంతు తగ్గించి మళ్ళీ మళ్ళీ చెప్పింది. చివర్లో ఒక వాక్యం స్క్రిప్టులో లేకుండానే కలిపింది: “మీరు చేస్తుంటారని నాకు తెలుసు. నేను ఆగుతాను.” అది ఎందుకు కలిపిందో శ్రీరామ్మూర్తి గారు అడగలేదు. ఆయన చివరిదాకా వినలేదు.

సీడీ వీరన్న దగ్గరికి వెళ్ళిన వారానికి శ్రీరామ్మూర్తి గారు, గౌరీశ్వరి ఆటోలో ఆటోనగర్ వెళ్ళారు. చలమయ్య అప్పటికే వచ్చి, స్టోర్‌లో టైర్ల దొంతర మీద సభాధ్యక్షుడిలా కూర్చున్నాడు. బయట వెల్డింగ్ మెరుపులు, సుత్తి దెబ్బలు, లారీ ఇంజన్ పరీక్షలు. వీరన్న చెవి మీద పెన్ను, కంప్యూటర్ మీద వినాయకుడు, వినాయకుడి మెడలో కొత్త దండ.

వీరన్న సీడీ పెట్టాడు. పై సగంలో పాఠం, కింద సగంలో షీటు. గౌరీశ్వరి బయటి సుత్తి దెబ్బల్లో తన గొంతు వినబడుతుందేమోనని తల వంచింది, వినబడలేదు. చూసింది. పైన బాణం గడి చుట్టూ తిరిగింది. వీరన్న కన్ను దానితో తిరిగింది. ఫార్ములా నిలిచి ఉంది. వీరన్న పెదవులు దాన్ని చదివాయి. బాణం మూలకు వెళ్ళింది. వీరన్న చెయ్యి కదిలింది. ఆయన పని అయిపోయి, చెయ్యి ఎలుక మీద నుంచి తీసి మీసం దువ్వుకునే సమయానికి పైన బాణం మళ్ళీ కదిలింది. సున్నాలు వచ్చాయి. వీరన్న భృకుటి ముడిపడింది. విప్పుకుంది. పాఠం చివరిదాకా ఆయన పాజ్ దగ్గరికి వెళ్ళలేదు.

చలమయ్య టైర్ల మీద నుంచి దిగాడు. “వీడికొచ్చినాదంటే ఇంక అందరికీ వచ్చినట్టే. శ్రీరామ్మూర్తిగారూ, మా షాపులన్నిటికీ ఏయించండి. రేపే.”

శ్రీరామ్మూర్తి గారు సెల్‌ఫోన్ల వాడికి ఏం చెప్పాలో అప్పుడే ఆలోచించుకుంటున్నారు. గౌరీశ్వరి కంప్యూటర్ పక్కకు వచ్చి నిలబడింది. ఆమెకు అడగాలని ఒకటుంది. పదేళ్ళుగా అడుగుతున్నదే.

“వీరన్నగారూ, ఆగిన చోట్లు సరిపోయాయా?”

“అద్దినట్టు సరిపోనాయండి. ఎలక మూలకెళ్ళి కూకుంటే నా వంతని తెలిసిపోతంది. నాను అయిపోయేసరికి అది లేత్తంది. మనిసి పక్కనుండి సూత్తన్నట్టే ఉంది.”

“మరి... చెప్పిన తీరు? చివర్న ఒక మాట అన్నాను.”

వీరన్న పెన్ను చెవి మీద సర్దుకున్నాడు. మొహమాటంగా నవ్వాడు. “నాను సెబుదామనే అనుకుంటన్నానండి. మొదటిసారి సీడీలో మీరు మాట్లాడతానే ఉన్నారు కదా. ఈసారి మాటలు మొత్తం తీసేసినారు. అదే మంచిదయ్యింది మేడమ్‌గారు, ఏటీ అనుకోకండి.”

గౌరీశ్వరి వంగి బల్ల కింద చూసింది. వెనక్కి వెళ్ళి వైర్లు చూసింది. దండ వేసిన వినాయకుడి వెనక కూడా చూసింది.

స్టోర్ కంప్యూటర్‌కు స్పీకర్లు లేవు.